విసనకర్రల సంచీ చాలు: డిన్నర్‌లో వాలంటీరుకు అవార్డు ఇచ్చేటప్పుడు ఏం మాట్లాడాలి

ప్రశ్న: విశాఖలో మా ట్రస్టు వార్షిక డిన్నర్ ఉంది. సుమారు 200 మంది వస్తారు, సగానికి పైగా విరాళాలు ఇచ్చేవాళ్లే. నేత్రదాన విభాగంలో 22 ఏళ్లుగా పనిచేస్తున్న రిటైర్డ్ లెక్కల మాస్టారికి ఈసారి అవార్డు. ఆయన గురించి ఐదు నిమిషాలు మాట్లాడి వేదిక మీదికి పిలిచే పని నాకు అప్పగించారు. ఒకే సంఘటన తీసుకుని చెప్పమన్నారు. నా దగ్గర మూడున్నాయి. ఒకటి, ఒకే రాత్రి మూడు ఇళ్లకు వెళ్లడం. రెండు, హుద్‌హుద్ తుఫాను అప్పుడు చెట్లు పడిన రోడ్ల మీద నడిచి వెళ్లి కళ్లు చేర్చడం. మూడు, ఆయన సంచీలో విసనకర్రలు ఎందుకుంటాయన్నది: ఒక మే నెలలో ఎవరింట్లోనో ఫ్యాన్ ఆపితే బంధువులు గొడవపడ్డారట, ఈయన క్యాలెండర్ అట్టతో వాళ్లకు విసురుతూ కూర్చున్నారట. ఏది తీసుకోవాలి? 600కు పైగా కుటుంబాలను ఒప్పించారు, అది కూడా చెప్పాలి కదా? చూపు వచ్చిన ఒకమ్మాయిని స్టేజీ మీదికి తెద్దామని సెక్రటరీగారు అంటున్నారు. నాకు మైక్ అంటేనే టెన్షన్.

జవాబు:

విసనకర్రలు తీసుకోండి. మీరు దాన్ని మూడోదిగా, కాస్త మొహమాటంగా రాశారు గానీ, మీ చేతిలో ఉన్న అసలు సరుకు అదే. నేను ఒక స్వచ్ఛంద రక్తనిధికి చాలా ఏళ్లుగా ఇలాంటి సభలు నడిపిస్తున్నాను, కంటి బ్యాంకుల కౌన్సెలర్లతో కూడా పనిచేశాను. ఆ అనుభవంతో చెబుతున్నాను.

ముందు హుద్‌హుద్ ఎందుకు వద్దంటున్నానో చెబుతాను, ఎందుకంటే మీ కమిటీలో అందరూ దానికే ఓటు వేస్తారు. 2014 అక్టోబర్ 12న ఆ తుఫాను విశాఖలోనే తీరం దాటింది. ఆ హాల్లో కూర్చునే వాళ్లలో చాలామంది ఆ రోజు ఊళ్లోనే ఉన్నారు. మీరు "హుద్‌హుద్" అనగానే వాళ్ల మనసు మీ మాస్టారి దగ్గర ఉండదు. వాళ్ల వీధిలో కూలిన చెట్టు దగ్గరికి, కరెంటు లేకుండా గడిపిన రోజుల దగ్గరికి, దొరకని పాల ప్యాకెట్ దగ్గరికి వెళ్లిపోతుంది. పక్కవాళ్లతో గుసగుసలు కూడా మొదలవుతాయి. ఇంకో ఇబ్బంది, అంత పెద్ద తుఫాను పక్కన ఏ మనిషైనా చిన్నగానే కనిపిస్తాడు. ఆ రోజుల్లో విశాఖలో సాయం చేసినవాళ్లు వేలమంది ఉన్నారు. మాస్టారు వాళ్లలో ఒకరవుతారు. ఆయనకు మాత్రమే చెందిన విషయం ఒక్కటీ ఆ కథలో వినిపించదు.

ఒకే రాత్రి మూడు ఇళ్లు అన్నది కథ కాదు, లెక్క. పైగా భోజనానికి కూర్చున్నవాళ్ల ముందు మూడు చావుల గురించి చెప్పాల్సి వస్తుంది.

విసనకర్రల సంగతి అలా కాదు. సంఘటన ఎంచుకునేటప్పుడు నేను వేసుకునే ప్రశ్న ఒకటుంది: ఆ రోజు ఆయన ఆ పని చేయకపోయినా ఎవరైనా ఆయన్ను తప్పు పట్టేవాళ్లా? ఫ్యాన్ ఆపడం ఆయన డ్యూటీ. బంధువులకు విసరడం డ్యూటీ కాదు. అలా విసరమని ఏ ఫారంలోనూ రాసి ఉండదు, ఏ ట్రైనింగులోనూ చెప్పరు. అది ఆయన సొంతంగా ఎంచుకున్న పని. మనిషి ఎలాంటివాడో అక్కడ తెలుస్తుంది. మీరు "సహృదయులు", "ఓర్పు గలవారు" అని విశేషణాలు తగిలించక్కర్లేదు. ఇంకో లాభం కూడా ఉంది. ఫ్యాన్ ఎందుకు ఆపాలన్నది చెప్పడంలోనే మీ ట్రస్టు చేసే పని దాతలకు అర్థమైపోతుంది. దానికోసం వేరే స్లైడ్ షో అవసరం లేదు.

అయితే మీకు ఇప్పుడు తెలిసింది మూడు ముక్కలే. వాటితో ఐదు నిమిషాలు నడవవు. వివరాలు సేకరించాలి. మాస్టారిని నేరుగా అడగకండి. "ఏముందండీ, ఏదో చేశాం" అని ఊరుకుంటారు. ఈ పనిలో ఏళ్ల తరబడి ఉన్నవాళ్లంతా అలాగే అంటారు. ఆ రోజు కళ్లు సేకరించడానికి వెళ్లిన టెక్నీషియన్ ఎవరో కనుక్కోండి. బండి నడిపిన డ్రైవరు దొరికితే ఇంకా మంచిది, ఎందుకంటే డ్రైవర్లు గుమ్మం దగ్గర నిలబడి అంతా చూస్తారు. తర్వాత మాస్టారి భార్యను అడగండి. వీళ్లలో ఎవరినీ "మాస్టారి గురించి రెండు మాటలు చెప్పండి" అని అడగొద్దు. అలా అడిగితే పొగడ్తే వస్తుంది. ఇలా అడగండి: మీరు లోపలికి వెళ్లేసరికి మాస్టారు ఎక్కడ కూర్చుని ఉన్నారు? చేతిలో ఏముంది? గొడవపడింది ఎవరు, ఏ మాట అన్నారు? పని అయ్యాక ఆ మనిషి ఏమన్నారు? విసనకర్రలు ఎక్కడ కొన్నారు, ఎప్పుడు? ఇవే జత అప్పటినుంచీ ఉన్నాయా, మార్చారా?

ఇద్దరు చెప్పినదాంట్లో తేడా వస్తే, ఇద్దరికీ కలిసినదే వాడండి. అన్నమాట ఏమిటో సరిగ్గా గుర్తులేకపోతే మాటను మీరు తయారు చేయకండి. "ఆవిడ కోప్పడ్డారు" అంటే చాలు. ఆ కుటుంబం వాళ్లో, చుట్టాలో ఆ హాల్లో ఉండే అవకాశం విశాఖ లాంటి ఊళ్లో ఎప్పుడూ ఉంటుంది.

ఆ కుటుంబం విషయం ఇంకాస్త చెప్పాలి. పేరు చెప్పకపోయినా సరే, వాళ్లకు ముందుగా ఫోన్ చేయాలి. మీరు చదవబోయే వాక్యాలు ఉన్నవి ఉన్నట్టు వినిపించండి. వద్దంటే ఆ సంఘటన వదిలేయాల్సిందే. చాలామంది వద్దనరు, తమ ఇంటి పెద్దను ఎవరో తలుచుకుంటున్నారని సంతోషిస్తారు. కాలనీ పేరు, పోయినవారి ఉద్యోగం, సంవత్సరం లాంటి గుర్తుపట్టే వివరాలు తీసేయండి. తీసేయడం వేరు, మార్చడం వేరు. నిజాన్ని మార్చొద్దు, చెప్పకుండా ఊరుకోండి.

సెక్రటరీగారి ఆలోచన సంగతి. చూపు వచ్చిన అమ్మాయిని వేదిక ఎక్కించొద్దని గట్టిగా చెబుతున్నాను. ఎవరి కన్ను ఎవరికి పెట్టారన్నది కంటి బ్యాంకు బయటపెట్టదు. దాత కుటుంబానికి గ్రహీత ఎవరో చెప్పరు, గ్రహీతకు దాత ఎవరో చెప్పరు. మీరు ఆ అమ్మాయిని మాస్టారి పక్కన నిలబెట్టగానే, హాల్లో ఉన్న దాత కుటుంబాల్లో ప్రతి ఒక్కరికీ "మావాళ్ల కన్నేనా?" అనిపిస్తుంది. ఆ ప్రశ్నకు మీరు జవాబు చెప్పలేరు. ఆ అమ్మాయి కూడా 200 మంది ముందు తన కంటి జబ్బు గురించి నిలబడి మాట్లాడాలి. ఆ రాత్రి సభ మాస్టారిది. ఆ అమ్మాయి అనుభవం చెప్పించాలంటే, ఆమెకు ఇష్టమైతే, ఆగస్టు 25 నుంచి సెప్టెంబర్ 8 వరకు జరిగే నేత్రదాన పక్షోత్సవాల్లో, ఆపరేషన్ చేసిన ఆసుపత్రి ద్వారా చేయొచ్చు.

ఇక 600 సంగతి. ఈ అంకెను చాలామంది ఇలా పెంచుతారు: 600 కుటుంబాలు, ఒక్కొక్కరికి రెండు కళ్లు, అంటే 1,200 మందికి చూపు. ఈ లెక్క తప్పు. లెక్కల మాస్టారి ముందే చెబితే ఆయనకు మరీ ఇబ్బంది. సేకరించిన ప్రతి కన్నూ ఆపరేషన్‌కు పనికిరాదు. దాత రక్తాన్ని హెచ్‌ఐవీ, హెపటైటిస్ లాంటి వాటికి పరీక్షిస్తారు. కార్నియా ఎంత ఆరోగ్యంగా ఉందో మైక్రోస్కోపు కింద చూస్తారు. బాగోనివి పరిశోధనకు, డాక్టర్ల శిక్షణకు వాడతారు. అందుకే "ఇంతమందికి చూపు తెప్పించారు" అని మీ అంతట మీరు చెప్పకండి. కంటి బ్యాంకు రిజిస్టర్ చూసి వాళ్లు ఇచ్చిన అంకె ఉంటేనే చెప్పండి. లేకపోతే "600కు పైగా ఇళ్లు" అనండి. అది ఆయన నిజంగా చేసిన పని. ఆ అంకె కూడా మొదట్లో వద్దు, కథ అయ్యాక ఒక్కసారి చాలు. ముందే చెబితే జనం చప్పట్లు కొట్టేసి, విషయం అయిపోయిందనుకుని ఫోర్కు అందుకుంటారు.

ఇప్పుడు మాటలు. కింద రాసింది మీరిచ్చిన వివరాలతో, మిగతాది నేను ఊహించుకుని పెట్టిన ముసాయిదా. పెద్దావిడ, ఆవిడ అన్నమాట, మార్కెట్, విసనకర్రల సంఖ్య: ఈ నాలుగూ మీ టెక్నీషియన్ చెప్పినదానితో సరిచూసి మార్చుకోండి.

"మాస్టారి భుజానికి ఎప్పుడూ ఒక గుడ్డ సంచీ ఉంటుంది. మా ఆఫీసులో అందరికీ తెలుసు. అందులో ఏముంటాయో చెబుతాను. సమ్మతి పత్రాలు. రెండు పెన్నులు. దూది. ఒక టార్చిలైటు. ఇంకా... నాలుగు విసనకర్రలు. తాటాకువి.

నేత్రదానం పని చేసే మనిషికి విసనకర్రలు ఎందుకండీ?

కొన్నేళ్ల కిందట, మే నెల. మిట్టమధ్యాహ్నం. ఈ ఊళ్లోనే ఒక ఇంట్లో పెద్దాయన పోయారు. పిల్లలు మాకు ఫోన్ చేసి, నాన్నగారి కళ్లు ఇస్తామన్నారు. మా టీము వెళ్లడానికి గంట పడుతుంది. మాస్టారి ఇల్లు దగ్గర. అందుకని ఆయన ముందు వెళ్లారు.

టీము వచ్చేలోపు చేయాల్సిన పనులు కొన్ని ఉంటాయి. తల కింద దిండు పెట్టాలి. మూసిన కళ్ల మీద తడి దూది ఉంచాలి. పైన ఫ్యాన్ ఆపేయాలి. ఫ్యాన్ గాలికి కంటి ముందు ఉండే సన్నని పొర ఎండిపోతుంది. ఎండిపోతే ఆ కన్ను ఇంకొకరికి పనికిరాదు.

మాస్టారు ఫ్యాన్ ఆపారు. మే నెల. విశాఖపట్నం. గదిలో పాతికమంది.

కాసేపు అందరూ ఓర్చుకున్నారు. తర్వాత ఒక పెద్దావిడ, పోయినాయనకు అక్కగారు, లేచి స్విచ్ వేశారు. మాస్టారు వెళ్లి ఆపారు. ఆవిడ మళ్లీ వేశారు. 'ఉన్నవాళ్లని కూడా చంపేస్తావా నాయనా?' అన్నారు.

మాస్టారు ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పినాయన. నిలబెట్టి పాఠం చెప్పగలరు. చెప్పలేదు. ఫ్యాన్ ఆపి, గోడకున్న పాత క్యాలెండర్ అట్ట తీసుకుని, ఆవిడ పక్కన నేలమీద కూర్చుని విసరడం మొదలుపెట్టారు. మా టీము వచ్చేదాకా విసురుతూనే ఉన్నారు. మధ్యలో చెయ్యి మార్చారు గానీ, ఆపలేదు.

పని అయ్యాక ఆయన బయల్దేరుతుంటే ఆవిడ గుమ్మం దాకా వచ్చారు. 'చెయ్యి నొప్పెట్టలేదా నాయనా?' అని అడిగారు.

మర్నాడు మాస్టారు పూర్ణా మార్కెట్‌కి వెళ్లి నాలుగు విసనకర్రలు కొన్నారు. ట్రస్టుకు బిల్లు పెట్టలేదు. అప్పటినుంచీ ఫ్యాన్ ఆపాల్సిన ప్రతి ఇంట్లో, ముందు విసనకర్రలు తీసి చుట్టూ ఉన్నవాళ్లకు ఇస్తారు. తర్వాతే స్విచ్ దగ్గరికి వెళతారు.

అలా 22 ఏళ్లలో 600కు పైగా ఇళ్లకు వెళ్లిన మా మాస్టారు, శ్రీ ఫలానా గారికి ఈ ఏటి సేవా పురస్కారం. మాస్టారూ, వేదిక మీదికి రండి. సంచీతో సహా."

ఇది తొందరపడకుండా చదివితే, మధ్యలో నవ్వులకూ చప్పట్లకూ ఆగితే, సుమారు నాలుగు నిమిషాలు వస్తుంది. ఐదు ఇచ్చారని ఐదూ నింపొద్దు. ఆయన కుర్చీలోంచి లేచి వేదిక దాకా రావడానికి పట్టే సమయం కూడా మీ లెక్కలోదే.

ఇందులో కొన్ని చోట్ల నేను కావాలని చేసినవి ఉన్నాయి, మీరు మార్చేటప్పుడు అవి పోకుండా చూసుకోండి. "పోయారు" అన్న మాట ఒకేసారి సూటిగా వస్తుంది. ఆ తర్వాత కథంతా ఉన్నవాళ్ల ఉక్కపోత గురించే. కళ్లు ఎలా తీస్తారన్నది ఒక్క ముక్క కూడా లేదు, "పని అయ్యాక" అని ఊరుకున్నాం. భోజనం దగ్గర అంతకు మించి అక్కర్లేదు. మరణించాక ఆరు గంటల్లోపు కళ్లు సేకరించాలి అన్న విషయం కూడా వదిలేశాను. చెబితే శ్రోతలు గడియారం వైపు చూస్తారు, కథ ఆ గడువు చుట్టూ తిరుగుతుంది. దాతలకు ఆ సమాచారం కావాలంటే టేబుళ్ల మీద పెట్టే కరపత్రంలో వేయండి. కంటి బ్యాంకు ఫోన్ నంబరు, ఆరు గంటల గడువు, ఫ్యాన్ ఆపి ఏసీ ఉంటే వేయమన్న సూచన, కళ్లజోడు ఉన్నవాళ్లూ శుక్లాల ఆపరేషన్ అయినవాళ్లూ కూడా ఇవ్వొచ్చన్న మాట, అన్నీ అక్కడికి పోతాయి. కరపత్రం మీద ఫ్యాన్ మాట ఉంది కాబట్టి, దాన్ని అవార్డు అయ్యాకే పంచమనండి.

"ఉన్నవాళ్లని కూడా చంపేస్తావా" దగ్గర నవ్వు వస్తుంది. రానివ్వండి. కొంతమంది, చావింటి సంగతి చెబుతూ నవ్విస్తామా అని దాన్ని తీసేయమంటారు. ఆ నవ్వు పోయినాయన మీద కాదు, మే నెల ఎండ మీద. చావింట్లో కూర్చున్నవాళ్లందరికీ ఇలాంటి ఒక మాట గుర్తుంటుంది. అయితే ఆ కుటుంబం ఒప్పుకుంటేనే. ఫోన్‌లో చదివేటప్పుడు ముఖ్యంగా ఈ వాక్యం దగ్గర వాళ్లు ఏమంటారో వినండి. కొంచెం తటపటాయించినా తీసేసి, "ఆవిడ కోప్పడ్డారు" అని పెట్టండి. నవ్వు తగ్గుతుంది, కథకు ఏమీ కాదు.

మాస్టారు అన్నదానాల్లో వడ్డించారు, పెద్దకర్మ రోజున ఆ ఇంటికి ధన్యవాద పత్రం స్వయంగా తీసుకెళతారు, కోవిడ్‌లో ఫోన్లు చేశారు అని మీకు చాలా మంది చాలా చెబుతారు. అన్నీ నిజమే కావచ్చు. వాటిని సన్మాన పత్రంలో పెట్టండి. అచ్చు వేసి ఫ్రేము కట్టించి ఇవ్వండి, చదవకండి. మన సభల్లో సన్మాన పత్రం చదవడం మొదలుపెట్టగానే ఏమవుతుందో మీకు తెలుసు: "నిస్వార్థ సేవకు నిలువెత్తు నిదర్శనమైన" దగ్గరకు వచ్చేసరికి సగం హాలు ఫోన్లు తీస్తుంది. చదవాల్సిందేనని కమిటీ పట్టుబడితే ఒక పేరాకు కుదించి, మీ మాటలకు ముందే వ్యాఖ్యాత చేత చదివించండి. కథ తర్వాత మాత్రం వద్దు.

ఎప్పుడు మాట్లాడతారన్నది కూడా తేల్చుకోండి. బఫే తెరిచాక మాట్లాడితే ఎవరూ వినరు. స్టార్టర్లు అయ్యాక, బఫే తెరవకముందు పెట్టించండి. హోటల్ బాంక్వెట్ మేనేజర్‌తో ముందురోజే మాట్లాడి, మీరు మైక్ పట్టుకున్నప్పటి నుంచి మాస్టారు దిగేదాకా వెయిటర్లు ట్రేలతో తిరగకుండా, బఫే దగ్గర మూతలు తీయకుండా చూడమనండి. ముఖ్య అతిథి ఆలస్యంగా వస్తే, ఆయన కోసం అవార్డును భోజనాల తర్వాతకు జరపమంటారు. ఒప్పుకోకండి. దాతల్లో పెద్దవాళ్లు తినగానే వెళ్లిపోతారు. అతిథి రాకపోతే ట్రస్టు ఛైర్మన్ చేతుల మీదుగా ఇప్పించేయవచ్చు.

ముఖ్య అతిథి వచ్చి ఉంటే ఆయనకు విసనకర్రల సంగతి ముందు చెప్పకండి. చెబితే ఉత్సాహం కొద్దీ తన ప్రసంగంలో వాడేస్తారు, మీకు ఏమీ మిగలదు. ఇలా జరగడం నేను చూశాను. "మా మాస్టారు నేత్రదాన విభాగంలో 22 ఏళ్లుగా ఉన్నారు" అని చెబితే చాలు. కమిటీలో కూడా కథ తెలిసినవాళ్లు ఎంత తక్కువ ఉంటే అంత మంచిది. మెమెంటోగా వెండి విసనకర్ర చేయిద్దామని ఎవరో ఒకరు అంటారు. ఆలోచన బాగానే ఉంటుంది గానీ, అది టేబుల్ మీద ముందే కనిపిస్తే మీ రెండో వాక్యం దగ్గరే అందరికీ తెలిసిపోతుంది. చేయిస్తే గుడ్డ కప్పి తెప్పించండి. టేబుళ్ల మీద విసనకర్రలు అలంకరణగా పెట్టడం, సరిగ్గా ఆ చోటుకి వచ్చేసరికి ఏసీ ఆపించడం లాంటివి ఎవరైనా చెబితే నవ్వేసి ఊరుకోండి. ఎల్‌ఈడీ తెర మీద కూడా ఆయన పేరు, ఫొటో తప్ప ఏమీ వద్దు. ముఖ్యంగా కంటి బొమ్మలు వద్దు.

మాస్టారికి మాత్రం ముందే చెప్పండి. అవార్డు వస్తుందని, సంచీ సంగతి చెబుతామని. మాటలు చదివి వినిపించక్కర్లేదు. ఆయనకు తెలియకుండా చెప్పి ఆశ్చర్యపరచాలన్న కోరిక మనకుంటుంది గానీ, ఈ పని చేసేవాళ్లు తాము వెళ్లిన ఇళ్ల గురించి బయట మాట్లాడరు. తెలియకుండా చెబితే, ఆ కుటుంబాన్ని అడిగారో లేదో అన్న కంగారుతో కూర్చుంటారు. "వాళ్లను అడిగాం, సరేనన్నారు" అని చెబితే నిశ్చింతగా ఉంటారు. పూర్తి పాఠం ఆయన భార్యకు చదివి వినిపించండి. ఎక్కడైనా తేడా ఉంటే ఆవిడే చెబుతారు. వేదిక మీదికి ఆవిడను కూడా పిలవాలనుకుంటే ఇష్టం ఉందో లేదో అప్పుడే అడగండి. అర్ధరాత్రి ఫోన్లు మోగినప్పుడు తలుపు తీసిందీ, తిరిగొచ్చేసరికి నీళ్లు కాచిందీ ఆవిడే కదా. కొంతమందికి మాత్రం స్టేజీ అంటే అస్సలు పడదు.

ఆయన ఆ రోజు సంచీ తేకపోతే మీ చివరి మాట గాలికి పోతుంది. భార్యకు చెప్పి తెప్పించండి. కూర్చునే చోటు వేదిక మెట్లకు దగ్గరగా, నడవ పక్కన ఉండాలి. మరీ ముందు వరసలో వీఐపీ సోఫాలో ఆయన్ను కూర్చోబెడితే, మీరు మాట్లాడుతున్నంతసేపూ కెమెరా ఆయన ముఖం మీదే ఉంటుంది, పాపం ఎటు చూడాలో తెలియదు.

మీ టెన్షన్ సంగతి. మొదటి పేరా, చివరి రెండు వాక్యాలు నోటికి రావాలి. మిగతాది చూసి చదివినా ఎవరూ తప్పు పట్టరు. ఫోన్‌లో చూసి చదవొద్దు. తెర ఆరిపోతుంది, మధ్యలో కాల్ వస్తుంది. మందంగా ఉండే రెండు కార్డుల మీద పెద్ద అక్షరాలతో, ఒక్కో పేరాకూ మధ్య ఖాళీ వదిలి రాసుకోండి. పోడియం మైక్ అడగండి, చేతి మైక్ అయితే కార్డు మార్చడానికి చెయ్యి ఉండదు. ఇంట్లో సాధన చేసేటప్పుడు "నాలుగు విసనకర్రలు" అన్నాక మనసులో రెండు అంకెలు లెక్కపెట్టి, అప్పుడు "తాటాకువి" అనండి. "మే నెల. విశాఖపట్నం. గదిలో పాతికమంది." ఈ మూడింటి మధ్య కూడా అలాగే ఆగండి. కంగారుపడేవాళ్లందరూ సరిగ్గా ఇలాంటి చోట్లే పరుగెత్తుతారు. "గౌరవనీయులైన ముఖ్య అతిథి గారికి, వేదికను అలంకరించిన పెద్దలకు" అన్న మొదటి నమస్కారాలన్నీ వ్యాఖ్యాత చెప్పేసి ఉంటారు. మీరు ఒక్క "అందరికీ నమస్కారం" అని నేరుగా సంచీ దగ్గరికి వెళ్లిపోండి.

వేదిక మీద ముందు శాలువా, తర్వాత మెమెంటో. శాలువా కప్పేటప్పుడు ఆ భుజానికి సంచీ ఉంటుంది, జారిపోతుంది. కాబట్టి మీరు పక్కనే నిలబడి, "ఇలా ఇవ్వండి మాస్టారూ" అని సంచీ పట్టుకోండి. ఫొటోలు అయ్యాక తిరిగి ఇచ్చేయండి. ఫొటోగ్రాఫర్‌కు ముందే చెబితే ఆ సంచీతో ఒక ఫొటో తీస్తాడు, వచ్చే ఏడాది మీ పత్రికకు పనికొస్తుంది. తర్వాత మైక్ ఆయనకివ్వండి. ఒక నిమిషం మాట్లాడతారా అని ముందే అడిగి ఉంచండి. మాట్లాడనంటే నమస్కారం పెట్టి దిగిపోవచ్చు, బలవంతం చేయొద్దు. ఆయన దిగాక మీరు మళ్లీ మైక్ అందుకుని ఏమీ కలపకండి. భోజనాలకు పిలవడం వ్యాఖ్యాత పని.